తెల్లవారుజామున తినలేనివాళ్ళు లాంగ్ రన్‌కి కార్బ్స్ ఎప్పుడు, ఎంత తీసుకోవాలి

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్న ఐదున్నర దాటాక మా చెల్లెలు విశాఖ బీచ్ రోడ్డులో టెన్నేటి పార్క్ దగ్గర ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయింది. గోడ పట్టుకుని వంగింది. గంట ముందు ఇంట్లో బలవంతంగా మింగిన రెండు ఇడ్లీలూ, చట్నీతో సహా, బయటికి వచ్చేశాయి. "అన్నయ్యా, తినకుండా పరిగెత్తకూడదని గ్రూపులో అందరూ అంటున్నారు. తింటేనేమో ఇదీ పరిస్థితి" అంది, నోరు కడుక్కుంటూ. ఆ ముందు వారం ఏమీ తినకుండా వచ్చింది. అప్పుడు వాంతి కాలేదు కానీ, పన్నెండో కిలోమీటరు దగ్గర కాళ్ళు తేలిపోయి, మిగతాది నడిచి వెళ్ళింది.

ఆమెకి 52 కిలోల బరువు. ఆదివారం 16 కిలోమీటర్లు, కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సాగర్ నగర్ వైపు వెళ్ళి, వాచ్‌లో ఎనిమిది కిలోమీటర్లు చూపించగానే వెనక్కి. దాదాపు గంటా యాభై నిమిషాలు పడుతుంది. మన ఊళ్ళో ఎండ, ఉక్క రెండూ ఎక్కువ కాబట్టి ఐదు దాటితే కష్టం. అంటే నాలుగుంపావుకి లేవాలి. ఆ వేళకి అన్నం పేరు చెబితేనే కడుపులో తిప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అందులో ఒకణ్ణి. పదేళ్ళుగా పరిగెడుతున్నాను, ఇప్పటికీ ఏడు గంటల లోపు ఘనపదార్థం ఏదీ దిగదు. కాబట్టి ఇక్కడ రాసేది మాలాంటివాళ్ళ కోసం: పొద్దున్నే తినలేరు, కానీ గంటన్నర పైన పరిగెత్తాలి.

పద్ధతి ఒక్క మాటలో ఇది. నాలుగున్నరకి తినాల్సిన తిండిని రెండు ముక్కలు చేసి, ఒకటి ముందురోజు రాత్రికి, ఒకటి రోడ్డు మీదికి జరపాలి. పొద్దున్నకి నాలుగు గుక్కలు మాత్రం మిగలాలి. ఆ నాలుగు గుక్కలు కూడా కడుపుకి మెల్లగా నేర్పించాలి.

ముందు: అసలు మీకు పొద్దున్న కార్బ్స్ అవసరమా?

రాత్రంతా పడుకుంటే ఒంట్లో శక్తి అంతా అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. మనం తిన్న పిండి పదార్థం గ్లైకోజన్ అనే రూపంలో రెండు చోట్ల దాచబడుతుంది. కండరాల్లో మూడు నాలుగు వందల గ్రాముల దాకా ఉంటుంది, కాలేయంలో సుమారు 80 నుంచి 100 గ్రాములు. నిద్రలో కండరాల నిల్వ దాదాపు అలాగే ఉంటుంది. తగ్గేది కాలేయంలోది, ఎందుకంటే రాత్రంతా మెదడుకి చక్కెర పంపేది అదే. తెల్లారేసరికి అందులో దాదాపు సగం ఖర్చయిపోయి ఉంటుంది.

కండరాల్లో ఉన్న నిల్వని కండరమే వాడుకోగలదు, రక్తంలోకి తిరిగి ఇవ్వలేదు. రక్తంలో చక్కెర నిలబెట్టే పని కాలేయానిదే. అందుకే పొద్దున్న ఖాళీ కడుపుతో బయల్దేరినవాళ్ళు మొదటి గంట హాయిగా పరిగెడతారు, కండరాల నిల్వ మీద. ఆ తర్వాత కాలేయం చేతులెత్తేస్తే కళ్ళు మసకబారినట్టు ఉండడం, చిరాకు, కాళ్ళు మాట వినకపోవడం మొదలవుతాయి. మా చెల్లెలికి పన్నెండో కిలోమీటరు దగ్గర జరిగింది అదే.

దీన్నిబట్టి లెక్క తేలిగ్గా తేలుతుంది. గంట లోపు, మాట్లాడుకుంటూ పరిగెత్తే వేగం అయితే మంచినీళ్ళు చాలు. దానికోసం అరటిపండుతో కుస్తీ పట్టక్కర్లేదు. గంట లోపే అయినా, కాసేపు వేగంగా కాసేపు నెమ్మదిగా ఇంటర్వెల్స్ చేస్తుంటే రెండు తియ్యటి గుక్కలు పనికొస్తాయి. గంటన్నర దాటితే మాత్రం కార్బ్స్ ఏదో ఒక దారిలో లోపలికి వెళ్ళాల్సిందే. మధ్యలో ఉండే 60-90 నిమిషాలు మనిషిని బట్టి ఉంటుంది. నా మటుకు నేను 75 నిమిషాలు దాటితేనే సీసా పట్టుకెళ్తాను.

ఇక్కడే ఒక మాట. షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, ఇన్సులిన్‌ని పెంచే మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ పద్ధతిని తమ డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. ఖాళీ కడుపుతో పరుగు వాళ్ళకి నిజంగా ప్రమాదం. బరువు తగ్గడానికి ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళకి కడుపు ఖాళీ అవడమే నెమ్మదిస్తుంది కాబట్టి వాళ్ళూ అడగాలి. పరిగెత్తని రోజు కూడా వాంతులవుతున్నా, మలం నల్లగా వస్తున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, నెల తప్పి ఉన్నా అది పరుగు తిండి సమస్య కాదు.

మొదటి అడుగు: మీ వికారం ఏ రకమో నాలుగు రోజులు రాసి చూసుకోండి

నాలుగు రోజులు ఫోన్లో మూడే విషయాలు రాయండి: రాత్రి ఎన్నింటికి ఏం తిన్నారు, లేచాక మొదట నోట్లో ఏం పడింది, వికారం ఎప్పుడు ఎలా వచ్చింది. నాకు తెలిసినంతలో ఇవి మూడు రకాలుగా తేలతాయి.

మొదటిది, ఊరికే సయించకపోవడం. మంట లేదు, నొప్పి లేదు, తిండి చూస్తే గొంతు మూసుకుపోతుంది. ఇది జబ్బు కాదు. ఆకలికి ఒక గడియారం ఉంది. రాత్రంతా తినకపోయినా పొద్దున్న వేళ ఆకలి అన్నింటికన్నా తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉండేలా శరీరం నడుస్తుంది. నాలుగున్నరకి తినమంటే కడుపు ఇంకా నిద్రలోనే ఉంటుంది.

రెండోది, పులుపు. లేవగానే గొంతులో మంట, పుల్లటి త్రేన్పులు. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ముందు రాత్రే: పదిన్నరకి భోజనం, వేపుళ్ళు, తిన్న వెంటనే పడుకోవడం. దీనికి తోడు లేవగానే కాఫీ. పొద్దున్న ఏం తింటే మంచిదని వెతికి లాభం లేదు, రాత్రి భోజనం వేళ మార్చాలి.

మూడోది, ఆకలి వికారం. నోట్లో నీళ్ళూరడం, కొంచెం వణుకు, కడుపులో శూన్యం. రెండు గుక్కలు తియ్యటి నీళ్ళు పడగానే ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఈ రకంవాళ్ళు అదృష్టవంతులు, వీళ్ళకి మూడో అడుగు ఒక్కటే సరిపోతుంది.

మా చెల్లెలి నోట్స్‌లో మొదటి రెండూ కలిసి ఉన్నాయి. బ్యాంకు నుంచి ఇంటికొచ్చేసరికి ఎనిమిది, వంటయ్యేసరికి తొమ్మిదిన్నర, భోజనం పదింటికి. నాలుగు ఇరవైకి ఖాళీ కడుపున గ్లాసుడు కాఫీ. ఆపైన ఇడ్లీలు. ఇడ్లీ తేలికైన తిండే, దాని తప్పేం లేదు. కానీ కొబ్బరి చట్నీలో కొవ్వుంది, కొవ్వు కడుపుని నెమ్మదిస్తుంది. తిన్న అరగంటకే పరుగు మొదలుపెడితే రక్తం కడుపు నుంచి కాళ్ళకి మళ్ళుతుంది. సగం అరిగిన తిండి అక్కడే కుదుపులకి ఊగుతూ ఉంటుంది. అప్పుఘర్ దాటాక ఆ ఎత్తు రాగానే ఊపిరి పెరిగింది, బయటికి వచ్చేసింది.

రెండో అడుగు: ముందు రాత్రి, అసలు పని జరిగేది ఇక్కడే

పొద్దున్న తినలేనివాళ్ళకి రాత్రి భోజనమే టిఫిన్. లాంగ్ రన్ ముందు రాత్రి భోజనంలో కిలో బరువుకి ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల కార్బ్స్ పెట్టుకుంటే సరిపోతుంది. 52 కిలోలకి 80 నుంచి 100 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. కాబట్టి 300 గ్రాముల అన్నం, అంటే మామూలు పళ్ళెంలో రెండు మూడు గరిటెలు కాదు, నిండుగా రెండు కప్పులు. ఒక్కసారి వంటింటి త్రాసులో తూచి చూడండి, తర్వాత కంటికే తెలిసిపోతుంది. మా చెల్లెలు తూచాక తెలిసింది, ఆమె రోజూ తినేది 150 గ్రాములే. బరువు పెరుగుతానని అన్నం తగ్గించి, కూర ఎక్కువ తింటోంది. మామూలు రోజుల్లో అది ఆమె ఇష్టం. శనివారం రాత్రి కూడా అలాగే తింటే మాత్రం, దాని ఫలితం ఆదివారం పన్నెండో కిలోమీటరు దగ్గర తెలుస్తుంది.

అన్నంతో పాటు ఏముండాలి అంటే, పలచటి పప్పుచారు, ఆనపకాయ లాంటి మెత్తటి కూర, కొంచెం పెరుగు. ఆ ఒక్క రాత్రికి గోరుచిక్కుడు, శనగల్లాంటి గింజలు, చేపల వేపుడు, బిర్యానీ వద్దు. పీచు, నూనె పొద్దుటిదాకా లోపల ఉండిపోతాయి.

వేళ ఇంకా ముఖ్యం. పడుకోవడానికి రెండు గంటల ముందు భోజనం అయిపోవాలి. ఆమె శనివారం ఏడూ ముప్పావుకి తిని, పదింటికి పడుకోవడం అలవాటు చేసుకుంది. వంట శనివారం మధ్యాహ్నమే చేసి పెట్టుకుంటే తప్ప అది కుదరలేదు.

ఆపైన తొమ్మిదిన్నరకి ఒక చక్కెరకేళి పండు. దీంట్లో 20 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి. కాలేయం నిల్వ తరగడం మొదలయ్యే సమయాన్ని ఇది కాస్త వెనక్కి జరుపుతుంది. దీన్నుంచి అద్భుతాలు ఆశించకండి, రాత్రంతా ఖర్చు ఎలాగూ జరుగుతుంది. పులుపు రకంవాళ్ళు ఈ పండు మానేసి, ఆ కార్బ్స్‌ని భోజనంలోనే కలుపుకోవడం మంచిది. చెల్లెలికి మొదటి రెండు వారాలు నేను పండు వద్దన్నాను. మంట తగ్గాకే మొదలుపెట్టింది.

మూడో అడుగు: పొద్దున్న నాలుగు గుక్కలు

లేవగానే కాఫీ మానడం ఆమెకి అన్నింటికన్నా కష్టమైంది. "కాఫీ లేకపోతే కళ్ళు తెరుచుకోవు అన్నయ్యా" అంది. పరుగయ్యాక తాగమన్నాను. ఖాళీ కడుపున కాఫీ ఆమ్లాన్ని పెంచుతుంది, పేగుల్ని తొందరపెడుతుంది. పాలు కూడా కలిస్తే మరీ బరువు. వికారం పూర్తిగా పోయి నెల గడిచాక, కావాలంటే సగం గ్లాసు మళ్ళీ ప్రయత్నించవచ్చు.

లేవగానే 100-150 మి.లీ. మామూలు నీళ్ళు, చిన్న గుక్కలుగా. చెంబుడు నీళ్ళు గటగటా తాగితే అవే గొంతులోకి తన్నుకొస్తాయి. ఆ తర్వాత బూట్లు వేసుకుని, కిందకి దిగి, ఐదు నిమిషాలు నడిచి, ఒళ్ళు కాస్త కదిలాక, బయల్దేరడానికి ఐదు పది నిమిషాల ముందు తియ్యటి నీళ్ళు.

ఆ తియ్యటి నీళ్ళు ఇలా: 150 మి.లీ. గోరువెచ్చని నీళ్ళలో 10 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు. చెంచా కొలతల్ని నమ్మకండి. అంచుకి సమంగా ఉన్న చెంచాకీ, గోపురంలా ఉన్న చెంచాకీ దాదాపు రెట్టింపు తేడా ఉంటుంది. త్రాసు మీద ఒకసారి తూచి, ఏ చెంచాతో ఎన్నో గుర్తుపెట్టుకోండి. పుల్లటి త్రేన్పులు లేనివాళ్ళు నాలుగు చుక్కలు నిమ్మరసం వేసుకోవచ్చు.

ఎందుకింత పలచన అంటే, వంద మి.లీ. నీళ్ళకి ఎనిమిది గ్రాములకన్నా ఎక్కువ చక్కెర ఉంటే కడుపు దాన్ని త్వరగా కిందకి వదలదు. పైన చెప్పినదాంట్లో వందకి ఏడు లోపే ఉంది. డబ్బాలో దొరికే పళ్ళరసాలు, చెరుకురసం దీన్ని దాటేస్తాయి, అందుకే అవి తాగి పరిగెత్తితే కడుపులో నీళ్ళు చప్పుడవుతాయి. కొబ్బరినీళ్ళలో వంద మి.లీ.కి నాలుగు గ్రాముల దగ్గరే ఉంటుంది కాబట్టి అవి హాయిగా దిగుతాయి. కానీ నాలుగున్నరకి కొబ్బరిబోండాం ఎవరు కొడతారు. రాత్రి కొట్టించి ఫ్రిజ్‌లో పెట్టినవి చల్లగా తాగితే కొందరికి తిప్పుతుంది, బయటపెట్టి చల్లదనం తగ్గనివ్వాలి.

ఇక వేళ సంగతి. నలభై నిమిషాల ముందు తాగితే ఏమవుతుంది? తియ్యటిది తాగగానే ఇన్సులిన్ పెరుగుతుంది. సరిగ్గా అది బాగా పెరిగి ఉన్నప్పుడే పరుగు మొదలైతే, ఇన్సులిన్ ఒక పక్క, పనిచేసే కండరాలు ఇంకో పక్క రక్తంలోని చక్కెరని లాక్కుంటాయి. మొదటి పదిహేను ఇరవై నిమిషాల్లో చక్కెర తగ్గుతుంది. చాలామందికి అది తెలియనే తెలియదు, దానంతటదే సర్దుకుంటుంది. కొందరికి మాత్రం చెమట పట్టి, వణుకొచ్చి, వికారం అనిపిస్తుంది. ఐదు పది నిమిషాల ముందు తాగితే ఈ గొడవ లేదు, ఎందుకంటే ఇన్సులిన్ లేచేలోపే పరుగు మొదలై అడ్రినలిన్ దాన్ని అణచిపెడుతుంది. పొద్దున్నే తినలేనివాళ్ళకి ఇది కలిసొచ్చే విషయం: ముందుగా లేచి తిని కూర్చోవాల్సిన పని లేదు.

నాలుగో అడుగు: కడుపుకి మెల్లగా నేర్పడం

పది గ్రాములతో మొదలుపెట్టకండి. కడుపు కూడా కాళ్ళలాగే అలవాటు పడుతుంది, దానికీ వారాలు కావాలి. ఈ సాధన లాంగ్ రన్ రోజున కాకుండా, వారం మధ్యలో చేసే నలభై నిమిషాల పరుగుల్లో చేయాలి. ఆ రోజుల్లో నిజానికి కార్బ్స్ అక్కర్లేదు. అందుకే తేడా వచ్చినా నష్టం లేదు, ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉంటారు.

మొదటి వారం 100 మి.లీ.లో 5 గ్రాములు. వరుసగా మూడు పరుగులు ఏ తేడా లేకుండా గడిస్తే 150 మి.లీ.లో 10 గ్రాములు. అదీ కుదిరితే 200 మి.లీ.లో 15 గ్రాములు. అక్కడ ఆగినా చాలు. ఘనపదార్థం కావాలనుకునేవాళ్ళు ఆ తర్వాత సగం అరటిపండు, బాగా నమిలి, ప్రయత్నించవచ్చు.

మా చెల్లెలు 5 దగ్గర వారం, 10 దగ్గర వారం బాగానే ఉంది. మూడో వారం 15కి వెళ్ళగానే లాసన్స్ బే దాటేలోపు మళ్ళీ తిప్పడం మొదలైంది. తిరిగి 10కి వచ్చి రెండు వారాలు అక్కడే ఉండమన్నాను. ఈ రోజుకీ ఆమె 10 దాటలేదు, దాటాల్సిన అవసరమూ రాలేదు. ఆ పది గ్రాములు కాలేయానికి పెద్ద ఆసరా ఏం కాదు. వాటి పని, కడుపుని తెరవడం. ఆ తర్వాత రోడ్డు మీద వచ్చేవాటికి దారి సిద్ధం చేయడం.

ఐదు గ్రాములు కూడా దిగనివాళ్ళుంటే, అదే నీళ్ళని నోట్లో పోసుకుని, ఐదు పది సెకన్లు అటూ ఇటూ పుక్కిలించి ఉమ్మేయండి. నోట్లో కార్బ్స్‌ని పసిగట్టే ఏర్పాటు ఉంది, అది మెదడుకి కబురు పంపుతుంది. గంట లోపు గట్టిగా పరిగెత్తేటప్పుడు దీనివల్ల కొంత తేలిక తెలుస్తుంది. కానీ లోపలికి ఏమీ వెళ్ళలేదు కదా, కాబట్టి పదహారు కిలోమీటర్లకి ఇది తిండి కాదు.

ఐదో అడుగు: మిగతాది రోడ్డు మీద

చాలామంది పరుగులో ఏమైనా తీసుకోవాలంటే మారథాన్ అయి ఉండాలనుకుంటారు. పొద్దున్న తిని వచ్చినవాళ్ళకి అది కొంతవరకు నిజం. తినకుండా వచ్చినవాళ్ళు మాత్రం అలిసేదాకా ఆగకూడదు. మొదటి ఇరవై నిమిషాలకే మొదలుపెట్టాలి. గంటకి 30 గ్రాముల లెక్క పెట్టుకోండి. రెండు గంటలు దాటే పరుగులకి అలవాటైనకొద్దీ 60 దాకా పెంచవచ్చు, కానీ మనలాంటి కడుపుతో తొందరపడొద్దు.

ఆమె లెక్క ఇది. ఐదింటికి బయల్దేరి ఆరూ యాభైకి పూర్తి. చివరి ఇరవై నిమిషాల్లో తీసుకున్నది పనికొచ్చేలోపే పరుగు అయిపోతుంది కాబట్టి గంటన్నర లెక్కలోకి వస్తుంది: 45 గ్రాములు. నడుముకి కట్టుకునే 500 మి.లీ. సీసాలో 30 గ్రాముల పంచదార, రెండు చిటికెల ఉప్పు. మిగతా 15 గ్రాములకి మూడు మామూలు ఖర్జూరాలు, రాత్రే గింజలు తీసి సగాలు చేసి చిన్న కవర్లో. ఐదూ ఇరవైకి రెండు గుక్కలు. తర్వాత ప్రతి పదిహేను నిమిషాలకీ రెండు గుక్కలు. గంట దాటాక, కడుపు నిద్ర లేచాక, ఖర్జూరం సగం ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా కరగనివ్వడం, వెంట మామూలు నీళ్ళు. వేసవిలో ఆ అర లీటరు ఒక్కటే సరిపోదు. మధ్యలో ఒక మామూలు నీళ్ళ సీసా కొనుక్కోవడానికి డబ్బులు జేబులో ఉండాలి.

గుక్క తాగేముందు అర నిమిషం వేగం తగ్గించండి. మొదటి రెండు కిలోమీటర్లు కూడా మామూలుకన్నా నెమ్మదిగా వెళ్ళండి. వేగం పెరిగినకొద్దీ కడుపుకి రక్తం తగ్గుతుంది. టెన్నేటి పార్క్ ఎత్తు మీద ఏదీ తాగొద్దు. ఎక్కాక, దిగేటప్పుడు తాగండి.

తేడా వస్తే ఎక్కడ పొరపాటో ఎలా తెలుసుకోవాలి

వికారం ఎప్పుడొచ్చిందనేదే అసలు ఆనవాలు. మొదటి రెండు మూడు కిలోమీటర్లలో వస్తే, రాత్రి భోజనం ఆలస్యమైంది, లేదా పొద్దుటి నీళ్ళు చిక్కగా ఉన్నాయి, లేదా వేగంగా మొదలుపెట్టారు. ఐదో వారం శనివారం చెల్లెలు ఒక పెళ్ళికి వెళ్ళి పదిన్నరకి భోంచేసింది. పొద్దున్న అదే పది గ్రాములు, అదే సీసా. అయినా లాసన్స్ బే దగ్గరే తిప్పడం మొదలైంది. అలాంటి రోజు పొద్దుటి తియ్యటి నీళ్ళు వదిలేసి, మామూలు నీళ్ళతో వెళ్ళి, దూరం పదికి తగ్గించుకోవడమే సరైనది. ఆమె ఆ రోజు అలాగే పది దగ్గర ఆపేసింది.

పావుగంటకి వణుకు, చెమట వస్తే తియ్యటి నీళ్ళు మరీ ముందుగా తాగారు. బయల్దేరే వేళకి దగ్గరగా జరపండి. నడుస్తుంటే కడుపులో నీళ్ళ చప్పుడు వినిపిస్తే చక్కెర ఎక్కువైంది, లేదా ఒకేసారి ఎక్కువ తాగారు. పది నిమిషాలు మామూలు నీళ్ళు మాత్రం, చిన్న గుక్కలు, నెమ్మది వేగం. వికారం గంట దాటాక, ఎండ మీదకొచ్చాక వస్తే అది తిండి గొడవ కాకపోవచ్చు. మే నెలలో మన బీచ్ రోడ్డు మీద ఆరుంపావుకే ఎండ చురుక్కుమంటుంది, ఉక్కకి చెమట ఆరదు. దాంతోపాటు తలనొప్పి, గూస్‌బంప్స్, తడబాటు ఉంటే పరుగు ఆపి నీడలోకి వెళ్ళి తల తడపాలి. తికమకగా మాట్లాడుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, చక్కెర నీళ్ళతో కూర్చోబెట్టకూడదు.

వికారం లేదు కానీ చివరి నాలుగు కిలోమీటర్లలో కాళ్ళు తేలిపోతున్నాయంటే, శనివారం రాత్రి అన్నం తూచి చూడండి. తర్వాత సీసాలో ఎంత మిగిలిందో చూడండి. చాలాసార్లు సగం అలాగే ఉంటుంది. గుర్తు లేకపోవడమే కారణం. వాచ్‌లో పదిహేను నిమిషాల అలారం పెట్టుకుంటే ఆ గొడవ పోతుంది.

ఆరో వారం ఆదివారం ఆమె 16 కిలోమీటర్లు ఎక్కడా నడవకుండా పూర్తి చేసింది. పన్నెండో కిలోమీటరు దగ్గర నేను పక్కనే ఉన్నాను. "ఎలా ఉందమ్మా?" అంటే, మాట్లాడకుండా సీసా ఎత్తి చూపించింది, పావు వంతు మిగిలి ఉంది. పూర్తయ్యాక బీచ్ దగ్గర గ్లాసుడు చోడి అంబలి తాగి, అప్పుడు ఆకలేస్తోందంది. ఏడు దాటింది, ఆమె కడుపు అప్పటికి లేచింది.

నేవీ మారథాన్‌లో హాఫ్ చేయాలనుకునేవాళ్ళకి ఇదే పద్ధతి, వేళలు ముందుకి జరుగుతాయంతే. తెల్లవారకముందే మొదలవుతుంది కాబట్టి రాత్రి భోజనం ఏడింటికే అయిపోవాలి, పొద్దుటి గుక్కలు మాత్రం స్టార్ట్ లైన్ దగ్గరే. చలికాలం కాబట్టి నీళ్ళు తక్కువ తాగబుద్ధవుతుంది, చక్కెర లెక్క తగ్గకుండా చూసుకోండి. ఎనర్జీ జెల్ వాడాలనుంటే ఒక్కోదాంట్లో 20-25 గ్రాములుంటాయి. దాన్ని మామూలు నీళ్ళతోనే తీసుకోవాలి, తియ్యటి నీళ్ళతో కలిపితే మళ్ళీ చిక్కనవుతుంది. ఆ జెల్‌ని అంతకుముందు కనీసం మూడు ఆదివారాలు ఇదే బీచ్ రోడ్డు మీద వాడి చూసి ఉండాలి.